ఆన్‌లైన్ క్విజ్ తెరిచే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ప్రశ్నలు యాదృచ్ఛికంగా వచ్చేలా క్విజ్ పెడితే ఒక్కొక్కరికి ఒక్కో పేపర్ వస్తుంది. ఆ పేపర్లలో చాలావాటిని మీరు పరీక్షకు ముందు చూసే అవకాశమే ఉండదు. అందుకే ఏ ప్రశ్న ఎవరికి, ఏ వరుసలో, ఏ ఆప్షన్ల క్రమంలో వెళ్లినా తన కాళ్ల మీద తాను నిలబడగలగాలి. క్విజ్ తెరిచే ముందు చూసుకోవాల్సినవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ బోధనా వేదికను ఉదాహరణగా తీసుకుంటున్నాను. వేరే వేదికల్లో బటన్ల పేర్లు మారతాయి కానీ ఇబ్బందులు చాలావరకు ఇవే.

విద్యుత్తు పాఠం మీద 20 ప్రశ్నల, 30 నిమిషాల క్విజ్ పెడుతున్నామనుకుందాం. ఓమ్ నియమం, శ్రేణి సంధానం, సమాంతర సంధానం, విద్యుత్ సామర్థ్యం అని నాలుగు అంశాలు. ఒక్కో అంశం నుంచి 5 ప్రశ్నలు రావాలి.

ప్రశ్నల నిధి

మొదట తేల్చుకోవాల్సింది ఒక్కో అంశానికి ఎన్ని ప్రశ్నలు రాసి ఉంచాలన్నది. ఓమ్ నియమం కేటగిరీలో 8 ప్రశ్నలు పెట్టి 5 లాగితే, పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి సగటున 5×5÷8, అంటే మూడు ప్రశ్నలు ఒకటే వస్తాయి. నాలుగు అంశాలకూ కలిపి చూస్తే 20లో పన్నెండో పదమూడో ఉమ్మడి ప్రశ్నలే. పేరుకు యాదృచ్ఛికం, చూడబోతే దాదాపు ఒకే పేపర్. అదే కేటగిరీలో 20 ప్రశ్నలుంటే ఉమ్మడివి అంశానికి ఒకటింబావు, మొత్తం మీద అయిదుకు తగ్గుతాయి. లాగే సంఖ్యకు కనీసం మూడు రెట్లు రాసుకోవాలని, నాలుగు రెట్లయితే నిశ్చింతగా ఉండొచ్చని నా లెక్క.

సంఖ్య సరిపోయినా కష్టం సమానంగా లేకపోతే గొడవే. ఒకరికి అయిదూ సూత్రంలో పెట్టేస్తే వచ్చేసేవి, ఇంకొకరికి అయిదూ రెండు మెట్ల లెక్కలు వస్తే ఆ మార్కులను పోల్చడంలో అర్థం లేదు. పైగా మూడుల్‌లో యాదృచ్ఛిక ప్రశ్నకు మార్కులు క్విజ్‌లో ఆ స్థానానికి మీరు ఇచ్చినవే. ప్రశ్నలో విడిగా రాసుకున్న మార్కులు అక్కడ లెక్కకు రావు. కాబట్టి ఒక్కో అంశాన్ని తేలికవి, కష్టమైనవి అని రెండు కేటగిరీలుగా విడగొట్టండి. తేలికవి 12 ఉంచి 3 లాగండి, కష్టమైనవి 8 ఉంచి 2 లాగండి. అంశానికి రాయాల్సిన ప్రశ్నలు ఇప్పుడూ 20యే, ఉమ్మడి ప్రశ్నల సగటు కూడా మారదు. అందరికీ 3 తేలికవి, 2 కష్టమైనవి ఖాయంగా వస్తాయి.

ఇక్కడ చాలామంది గమనించనిది కవల ప్రశ్నల సంగతి. నిధి త్వరగా నింపాలని 12 వోల్టుల లెక్కనే 6 వోల్టులకు, 24 వోల్టులకు మార్చి మూడు రాస్తాం. ఒకే ప్రశ్న ఒక పేపర్‌లో రెండుసార్లు రాకుండా మూడుల్ చూసుకుంటుంది. ఈ మూడూ ఒకదానికొకటి కవలలని మాత్రం దానికి తెలియదు. మూడూ ఒకరికే పడితే, ఒకటి చేయగలిగినవారు మూడూ చేసేస్తారు, ఒకటి పోతే మూడూ పోయినట్టే. అలాంటి వాటిని ఒక ఉపకేటగిరీలో వేసి అందులోంచి ఒక్కటే లాగండి. అప్పుడు ఆ ఉపకేటగిరీ ప్రశ్నలు పై కేటగిరీ నుంచి కూడా రాకుండా, అక్కడ ఉపకేటగిరీలను కలుపుకునే టిక్కు తీసేయాలి.

కేటగిరీలో ప్రశ్నలు చాలకపోతే విద్యార్థి మొదలుపెట్టగానే ఎర్రర్ వచ్చి ఆగిపోతాడు. డ్రాఫ్ట్‌గా వదిలేసిన ప్రశ్నలు, ఇదే క్విజ్‌లో స్థిరంగా పెట్టిన ప్రశ్నలు యాదృచ్ఛిక లెక్కలోకి రావు. నిధి చిన్నదైతే ఈ తేడాయే కొంప ముంచుతుంది.

ఆప్షన్లు కలిసిపోయాక

ఆప్షన్లు కలపడానికి రెండు స్విచ్‌లున్నాయి. క్విజ్ సెట్టింగుల్లో `Shuffle within questions`, ప్రతి ప్రశ్న లోపల `Shuffle the choices?`. రెండూ ఆన్‌లో ఉంటేనే కలుస్తాయి. ప్రశ్నల వరుసను కలిపేది మూడోది. అది ప్రశ్నలు చేర్చే పేజీలో ఒక్కో సెక్షన్ పక్కన `Shuffle` అనే టిక్కుగా ఉంటుంది. క్విజ్ మొత్తాన్ని ఒకే సెక్షన్‌గా కలిపేస్తే ఒకరికి మొదటి మూడూ కష్టమైనవే ఎదురై అక్కడే టెన్షన్ మొదలవుతుంది. తేలికవాటిని ఒక సెక్షన్, కష్టమైనవాటిని ఇంకో సెక్షన్ చేసి, ఏ సెక్షన్‌కా సెక్షన్ లోపల కలపడం మేలు.

తర్వాత ప్రశ్నల వంతు. పాత కాగితం పేపర్ల నుంచి తెచ్చుకున్నవాటిలో “పైవన్నీ”, “పైవేవీ కావు”, “a మరియు c” లాంటివి తప్పకుండా ఉంటాయి. “పైవన్నీ” అన్నది మొదటి ఆప్షన్‌గా కనబడితే దాని పైన ఏముంటుంది? వాటిని ఏరి “ఇక్కడున్నవన్నీ” అని మార్చొచ్చు గానీ, ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులున్న ప్రశ్నగా తిరగరాయడమే నాకు సరిగ్గా అనిపిస్తుంది. క్రమాన్ని పట్టుకునే ఉండాల్సిన ప్రశ్న ఏదైనా ఉంటే ఆ ఒక్కదానిలో లోపలి స్విచ్ ఆపేయండి. “పై లెక్కలోని వలయంలోనే” అని మొదలయ్యే ప్రశ్నలు యాదృచ్ఛిక నిధిలో అసలు ఉండకూడదు. ఆ పై లెక్క ఈ విద్యార్థికి వచ్చి ఉండకపోవచ్చు.

ఫీడ్‌బ్యాక్

“తప్పు. సరైన జవాబు b” అని రాసి ఉంటే రెండు విధాలా పనికిరాదు. కలిపాక b స్థానంలో వేరేది ఉంటుంది. పైగా ఎందుకు తప్పో చెప్పలేదు. ఫీడ్‌బ్యాక్‌లో అక్షరం వాడొద్దు, విలువనే రాయండి. అంతకంటే ముందు, ప్రతి తప్పు ఆప్షన్ వెనకా ఒక నిజమైన పొరపాటు ఉండేలా ఆప్షన్లు తయారుచేయండి.

ఒక ప్రశ్న తీసుకుందాం: 12 వోల్టుల బ్యాటరీకి 4 ఓంల నిరోధం కలిపితే ఎంత విద్యుత్ ప్రవాహం ఉంటుంది? సరైనది 3 ఆంపియర్లు. మిగతా మూడు 48, 0.33, 8.

48 ఎంచుకున్నవారికి: “వోల్టేజీని, నిరోధాన్ని గుణించారు. V = I × R లో V మనకు తెలుసు, కావాల్సింది I. అలాంటప్పుడు R ఎటువైపు వెళ్తుంది?”

0.33 ఎంచుకున్నవారికి: “భాగించాలని సరిగ్గానే పట్టుకున్నారు, కానీ 4ను 12తో భాగించారు. నిరోధం పెరిగితే ప్రవాహం పెరగాలా, తగ్గాలా అని ఒకసారి చూసుకోండి.”

8 ఎంచుకున్నవారికి: “12లోంచి 4 తీసేశారు. వోల్టులు, ఓంలు వేర్వేరు ప్రమాణాలు, ఒకదాన్లోంచి ఒకటి తీసేయడం కుదరదు.”

ఇవి ఒక్కో ఆప్షన్ పక్కనున్న పెట్టెలో రాయాలి. కింద ఉండే `General feedback` ఏ జవాబు ఇచ్చినా అందరికీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి పూర్తి సాధన అక్కడ పెట్టండి. చివర్లో శాతాన్ని బట్టి వచ్చే `Overall feedback`లో ఫలానా ప్రశ్న గురించి రాయకండి, అది అందరికీ వచ్చి ఉండదు. నాలుగు అంశాలకూ కలిపి ఎనభై ప్రశ్నల నిధికి ఇదంతా రాయడం ఒక పూటలో అయ్యే పని కాదు. అలాగని చివరి రాత్రికి వాయిదా వేస్తే మళ్లీ “తప్పు” అన్న ఒక్క మాటే మిగులుతుంది.

గడియారం, జవాబుల వెల్లడి

క్విజ్ 10:00కు తెరిచి 10:30కు మూస్తున్నాం, గడువు 30 నిమిషాలు. 10:07కు మొదలుపెట్టినవారికి దక్కేది 23 నిమిషాలే, ఎందుకంటే మూసే సమయం గడువును కోసేస్తుంది. కాబట్టి 10:45కు మూయండి. సమయం అయిపోతే ఏం జరగాలన్న చోట తనంతట తానే సబ్మిట్ అయ్యేదాన్ని ఎంచుకోండి. గడువులోగా సబ్మిట్ చేయకపోతే లెక్కలోకి రాదు అనే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. అది ఎంచుకుంటే చివరి క్షణంలో నెట్ పోయినవారి శ్రమంతా బూడిదలో పోసినట్టే. నెట్ పోయినా గడియారం ఆగదని, ఆటోసేవ్ మామూలుగా నిమిషానికోసారి జరుగుతుందని విద్యార్థులకు ముందే చెప్పండి.

జవాబులు ఎప్పుడు కనిపించాలో `Review options`లోని నాలుగు వరుసలు నిర్ణయిస్తాయి. రాస్తుండగా, సబ్మిట్ చేసిన రెండు నిమిషాల్లోపు, ఆ తర్వాత క్విజ్ ఇంకా తెరిచి ఉండగా, మూసేశాక. పది నిమిషాల్లో ముగించిన చురుకైన విద్యార్థికి సరైన జవాబులు వెంటనే కనిపిస్తే, నిధి ఎంత పెద్దదైనా అవి పక్కవాళ్లకు చేరిపోతాయి. మొదటి మూడు వరుసల్లో సరైన జవాబు, ఆప్షన్ ఫీడ్‌బ్యాక్, సాధన, ఏది తప్పో ఒప్పో చెప్పే గుర్తు తీసేయండి. ప్రశ్నవారీ మార్కులు కూడా అదే గుట్టు విప్పుతాయి కాబట్టి అవీ వద్దు. అన్నీ నాలుగో వరుసలో టిక్కు పెట్టండి. అయితే మూసే సమయం పెట్టకుండా వదిలేస్తే ఆ నాలుగో దశ ఎప్పటికీ రాదు, మీరు కష్టపడి రాసిన ఫీడ్‌బ్యాక్ ఎవరికీ కనిపించదు. “సార్, ఆన్సర్స్ ఎప్పుడొస్తాయి?” అని మెసేజ్‌లు మొదలైతే ముందు చూడాల్సింది ఇదే.

ఎవరికైనా అదనపు సమయం ఇవ్వాలంటే `Overrides`లో గడువుతో పాటు మూసే సమయాన్నీ పెంచాలి. ఒకరికి 11:00 దాకా ఇచ్చారనుకోండి. మిగతావారికి క్విజ్ 10:45కే మూతపడుతుంది, జవాబులు కూడా అప్పుడే కనిపిస్తాయి, ఆ ఒక్కరు ఇంకా రాస్తూనే ఉంటారు. దీనికి తేలిక మార్గం అందరికీ 11:00కే మూయడం. అదనపు సమయం ఉన్నవారు ఆలస్యం లేకుండా మొదలుపెడితే చాలు, ఇతరులను 30 నిమిషాల గడువే ఆపుతుంది.

తెరవడానికి ముందు రోజు

మీ ఖాతాలోంచి ప్రివ్యూ చూసుకుంటే చాలదు. ఉపాధ్యాయుడికి కొన్ని ఆంక్షలు వర్తించవు కాబట్టి విద్యార్థికి కనిపించేది మీకు కనిపించకపోవచ్చు. రెండు డమ్మీ విద్యార్థి ఖాతాలతో, రెండు బ్రౌజర్లలో ఒకేసారి మొదలుపెట్టి పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాన్లో కావాలని అన్నీ తప్పులు పెట్టండి. తప్పు ఆప్షన్ల ఫీడ్‌బ్యాక్ మూసే సమయం దాటాకే కనిపిస్తుంది కనుక, ఇలా సరిచూసుకోవడం కోసం ఆ సమయాన్ని దగ్గరికి జరుపుకోవాలి. రెండో దాన్ని మధ్యలో వదిలి విండో మూసేయండి. గడువు దాటాక అది తనంతట తానే సబ్మిట్ అయిందో లేదో చూడండి. విండో మూసేశాక సబ్మిట్ చేసే పని, సర్వర్‌లో తనంతట తానే ఎప్పటికప్పుడు నడిచే క్రాన్ అనే ప్రోగ్రామ్‌ది. అది సరిగ్గా నడవకపోతే ఆ పేపర్ గంటల తరబడి “రాస్తున్నారు” అనే చూపిస్తుంది. అలా కనిపిస్తే అడ్మిన్‌కు ఆ రోజే చెప్పాలి.

చూసుకోవడం అయ్యాక సమయాలు మళ్లీ సరిచేసి, ఆ డమ్మీ పేపర్లు తొలగించండి. విద్యార్థి పేపర్ ఒక్కటి ఉన్నా మూడుల్ క్విజ్‌కు ప్రశ్నలు చేర్చనివ్వదు, తీసేయనివ్వదు. అసలు పరీక్ష మొదలయ్యాక ఏదైనా ప్రశ్న ‘కీ’ తప్పని తేలితే దాని జోలికి అప్పుడే వెళ్లొద్దు. అందరూ ముగించాక నిధిలో ఆ ప్రశ్న సరిదిద్ది, ఫలితాల పేజీలో `Regrade` చేసి, ఆ ప్రశ్న వచ్చిన ఒకరిద్దరి మార్కులు నిజంగా మారాయో లేదో తెరిచి చూసుకోండి.