ఫ్రెషర్స్ డే నుంచి దసరా దాకా: మొదటి దమ్ము దగ్గర జాగ్రత్తలు

అందరికీ నమస్కారం. వచ్చే వారం ఫ్రెషర్స్ డే. ఆ తర్వాత ఇంటర్నల్స్. సాగర్ గేట్లు ఎత్తారంటే బైకుల మీద ఒక ట్రిప్పు. ఆపైన దసరా సెలవులు, ఊళ్లో దావత్‌లు. నేను నల్గొండలో చాలా ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను. సిగరెట్ అలవాటైన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎప్పుడు మొదలైందని అడిగితే, ఎక్కువ మంది చెప్పేది ఫస్టియర్‌లోని ఈ రెండు మూడు నెలల సంగతే. అందుకే ఈ మాటలు ఇప్పుడే చెప్పాలనుకున్నాను.

క్యాన్సర్ ఫోటోలు ఈ రోజు తేలేదు. అవి ప్యాకెట్ మీద ఉంటాయి. కానీ మీ వయసులో ఎవరూ ప్యాకెట్‌తో మొదలుపెట్టరు. పాన్ డబ్బా దగ్గర ఒక లూజు సిగరెట్, దాని చుట్టూ నలుగురు దోస్తులు, చేయి మారుతూ వచ్చే ఒక దమ్ము. మొదలయ్యేది అక్కడ. ఆ దమ్ముకు, రోజూ తాగడానికి మధ్య ఏం జరుగుతుందో ఒక అబ్బాయి సంగతితో చెబుతాను. పేరు చెప్పను. మీకు చెప్పడానికి తను ఒప్పుకున్నాడు.

దేవరకొండ వైపు ఊరు, హాస్టల్‌లో ఉండేవాడు. సెకండియర్‌లో ప్రాక్టికల్స్ మధ్యలో ఊరికే బయటికి వెళ్లేవాడు. స్లైడ్ మీద మనసు నిలిచేది కాదు, చిన్న మాటకే చిరాకు పడేవాడు. ఒక రోజు కూర్చోబెట్టి అడిగాను. "నాకు అలవాటు లేదు మేడమ్, దోస్తులు ఇస్తే ఎప్పుడన్నా ఒక దమ్ము కొడతా, అంతే" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. నీ ఫోన్‌లో చాయ్ కొట్టుకు కట్టిన డబ్బుల లిస్టు ఒకసారి మనిద్దరం చూద్దామా అన్నాను. సరే అన్నాడు.

ఫస్టియర్ ఆగస్టు అంతా 10 రూపాయలు, 10 రూపాయలు. ఒట్టి చాయ్. ఫ్రెషర్స్ డే తర్వాత మూడు వారాలు కూడా అంతే. కానీ దమ్ము మొదలైంది ఆ మూడు వారాల్లోనే. సిగరెట్ ఇంకొకరిది కాబట్టి లెక్కలో కనబడలేదు. సెప్టెంబర్ చివర్లో మొదటిసారి 30 రూపాయలు: చాయ్ 10, సిగరెట్ 20. ఎందుకు కొన్నావని అడిగితే, "అందరూ నాకు ఇస్తున్నరు, నేను ఒక్కసారి కూడా ఇయ్యకపోతే మంచిగుండదని" అన్నాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. వాడు మొదటి సిగరెట్ కొన్నది మొహమాటం కోసం, దోస్తుల రుణం తీర్చడానికి.

అక్టోబర్‌లో వారానికి రెండు మూడుసార్లు 30 రూపాయలు. దసరా అయి హాస్టల్‌కు తిరిగి వచ్చాక ఒక రోజు పొద్దున 7:40కి 20 రూపాయలు. చాయ్ లేదు, పక్కన దోస్తులు లేరు. ఆ లైను దగ్గర ఇద్దరం ఆగిపోయాం. తనకే ఆ పొద్దున గుర్తు లేదు. డిసెంబర్ నాటికి ప్రతి రోజూ ఒకటి, జనవరి నుంచి రోజుకు రెండు. రెండు అంటే రోజుకు 40, నెలకు 1,200 రూపాయలు. ఆ డబ్బు ఇంట్లో జిరాక్స్‌ల కోసమని అడిగాడు. అంత దూరం వచ్చినా తన దృష్టిలో తను దోస్తులతో ఎప్పుడన్నా తాగేవాడే.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చూద్దాం. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. నాడీకణాల మీద ఎసిటైల్‌కోలిన్ అనే మన సొంత రసాయనం కూర్చోవడానికి గ్రాహకాలుంటాయి. నికోటిన్ వాటి మీద కూర్చుని డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. ఏ పని చేస్తే ఏ సుఖం వచ్చిందో మెదడు నేర్చుకునేది డోపమైన్‌తోనే. చాయ్ వాసన, ఆ బెంచీ, ఆ దోస్తుల నవ్వు అన్నీ కలిపి అది ఒక పాఠంలా గుర్తు పెట్టుకుంటుంది. నికోటిన్ మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. అవి ఖాళీగా ఉన్నప్పుడు చిరాకు, తాగాలనే గుంజుడు మొదలవుతాయి. మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల దాకా సాగుతుంది కాబట్టి మీ వయసులో ఈ పాఠం ఇంకా తొందరగా ఎక్కుతుంది.

చాలామంది ఇక్కడే ఒక విషయాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. మొదటి దమ్ముకు దగ్గు, తల తిరగడం, వికారం వస్తాయి. కొన్నిసార్లు తాగాక తల తిరగడం ఆగిపోతుంది. "నా ఒంటికి పడింది, నాకేం కాదు" అనుకుంటారు. అది ఒంటికి పడటం కాదు, మెదడు నికోటిన్‌కు సర్దుకోవడం మొదలైన గుర్తు. ఫిల్టర్‌లో చిన్న గోళీ నొక్కితే పుదీనా చల్లదనం వచ్చే సిగరెట్లు కూడా ఉన్నాయి. ఆ చల్లదనం గొంతు మంటను తెలియనివ్వదు, అందుకే కొత్తవాళ్లు లోతుగా పీల్చేస్తారు. నికోటిన్‌లో మాత్రం తేడా లేదు. అమ్మాయిలకు ఇది తేలికైనదని ఎవరైనా ఇస్తే నమ్మకండి.

ఇంకొక సంగతి. నికోటిన్ రక్తంలో సుమారు రెండు గంటలకు సగమవుతుంది. కొత్తగా తాగేవాడికి ఒక సిగరెట్ తర్వాత రోజుల తరబడి గుర్తు రాకపోవచ్చు. ఆ ఎడం క్రమంగా తగ్గుతుంది, వారం నుంచి రోజుకు, రోజు నుంచి గంటలకు. ఎన్ని తాగుతున్నామని మాత్రమే లెక్కపెట్టేవాడికి ఈ తగ్గడం కనబడదు. "ఇంటర్నల్స్ టెన్షన్‌కు తాగితే రిలీఫ్ ఉంది" అనేది ఎక్కువ భాగం దీని పనే. ముందు తాగిన సిగరెట్ దిగిపోవడం వల్ల వచ్చిన చిరాకును తర్వాతి సిగరెట్ తీరుస్తుంది. సిలబస్ మాత్రం అక్కడే ఉంటుంది.

ఒక్కసారి తాగిన ప్రతివాడూ రోజూ తాగేవాడు అవుతాడని నేను అనను. అది నిజం కాదు. 2018లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సర్వేలు కలిపి చూశారు. సిగరెట్ రుచి చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది, కొంతకాలమైనా, రోజూ తాగే స్థితికి వెళ్లారు. అవి మన దేశపు లెక్కలు కావు, జనం గుర్తున్నంత వరకు చెప్పిన మాటలు. అయినా ముగ్గురిలో ఇద్దరు అంటే, "ఒక్క దమ్ముకు ఏం కాదురా" అనే మాట మీద నమ్మకం పెట్టుకోవడానికి వీల్లేదు.

ఇక జాగ్రత్తలు. ఆ అబ్బాయి లెక్కలోనే మూడు మలుపులున్నాయి: ఇంకొకరిది తీసుకోవడం, సొంతంగా కొనడం, ఒంటరిగా తాగడం. ఒక్కో మలుపు దగ్గర చేయాల్సింది వేరు.

ఇంకొకరు ఇచ్చినప్పుడు కారణాలు చెప్పకండి. "గొంతు బాగలేదు" అంటే రేపు బాగుందా అని అడుగుతారు. "నేను తాగ, నువ్వు కానీ" అని చాయ్ గ్లాసు చేతిలో పెట్టుకుని మాట మార్చండి. మొదటి రోజు ఒకరిద్దరు ఆట పట్టిస్తారు. మూడో నాలుగో రోజుకు మీకు ఇవ్వడం మానేస్తారు, తాగేవాడికి తన సిగరెట్ మిగలడమే ఇష్టం. పట్టుకోమని ఇచ్చినా, అంటించి ఇవ్వమన్నా చేయకండి. దావత్‌లో మందు కూడా ఉంటే ఈ మాటలేవీ గుర్తుండవు, అలాంటి చోటుకు తాగని దోస్తు ఒకరిని తోడు తీసుకుని పోండి. సీనియర్ బలవంతంగా తాగిస్తే, తెమ్మని పంపితే అది ర్యాగింగ్. 2009 యూజీసీ నిబంధనల కింద ఫిర్యాదు చేయవచ్చు. నాకు చెప్పినా చాలు.

కొనడం దగ్గర జాగ్రత్త మొహమాటానికి సంబంధించింది. దోస్తుల రుణం చాయ్‌తో తీర్చండి, సమోసాతో తీర్చండి. అందరి బిల్లు మీ ఫోన్ నుంచి కట్టేటప్పుడు సిగరెట్ డబ్బులు వాళ్లనే వేరుగా కట్టమనండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఆ అబ్బాయికి ఆ రోజు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మీలో కొందరికి ఇంకా 18 నిండలేదు. 2003 పొగాకు చట్టం ప్రకారం మీకు సిగరెట్ అమ్మడమే నేరం, కాలేజీకి 100 గజాల లోపల ఎవరికి అమ్మినా నేరమే.

ఒంటరిగా తాగిన రోజు వచ్చిందంటే ఇక జాగ్రత్తలతో కాదు, మానడంతో పని. అక్కడిదాకా వచ్చారో లేదో మీరే చూసుకోవచ్చు. మానేద్దామనుకుని మానలేకపోయారా? తాగే వీలు లేని చోట, ఇంట్లో సెలవుల్లో, ఉండటం కష్టమైందా? తాగకపోతే చదువు మీద మనసు నిలవడం లేదా? ఆపుకోలేనంతగా తాగాలనిపించిన రోజు ఉందా? ఒక్కదానికి అవునన్నా, నెలకు రెండే తాగుతున్నా, పట్టు మొదలైనట్టే. రోజూ తాగడం మొదలు కాకముందే ఈ గుర్తులు రావచ్చు.

మానేటప్పుడు మొదటి మూడు రోజులు గట్టివి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలా వరకు తగ్గుతుంది. తాగాలనే గుంజుడు వచ్చినప్పుడు కొన్ని నిమిషాలే బలంగా ఉంటుంది. ఆ కాసేపు లేచి నడవండి, నీళ్లు తాగండి, ఎవరికైనా ఫోన్ చేయండి. చాయ్ మానక్కర్లేదు, ఆ బెంచీ మార్చండి. 1800-11-2356కు ఫోన్ చేస్తే డబ్బులు పడవు. పొగాకు మానడానికి ప్రభుత్వం పెట్టిన నంబర్ అది. అలవాటు బలపడినవాళ్లకు నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, డాక్టర్‌ను అడిగి వాడాలి. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలితే పని చేయదు. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే చెంపలో పెట్టి ఆపాలి. గమ్ వేసుకునే పావుగంట ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ చాయ్, కూల్‌డ్రింక్ తాగకూడదు, తాగితే గమ్‌లోని నికోటిన్ సరిగా ఒంటికి ఎక్కదు. ఎప్పుడూ తాగని వాళ్లు సరదాకు కూడా అది ముట్టొద్దు.

ఆ అబ్బాయి మార్చిలో మానాడు. ఏప్రిల్‌లో అన్న పెళ్లిలో మళ్లీ తాగాడు, మరునాడే నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఇంకోసారి మానాడు. గమ్ వాడలేదు, పొద్దున పూట పానగల్ చెరువు వైపు నడిచేవాడు. చివరిసారి కలిసినప్పుడు ఫోన్ తీసి తనే చూపించాడు, నాలుగు నెలలుగా అన్నీ 10 రూపాయలే.

దసరా సెలవులు అయి వచ్చిన మొదటి సోమవారం మధ్యాహ్నం నేను జువాలజీ ల్యాబ్‌లోనే ఉంటాను. ఎవరైనా రావచ్చు, హాజరు రాయను, ఇంటికి చెప్పను. ఫోన్ తెచ్చుకోండి, చాయ్ కొట్టు లెక్క కలిసి చూద్దాం.