ప్యాకెట్ ఫోటో పంపి “తినొచ్చా అన్నా?” అని అడిగే ముందు

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొత్తగా అమెరికా వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు వాట్సాప్‌లో పంపే బిస్కట్ ప్యాకెట్ ఫోటోల్లో సగం పనికిరావు. వెనకున్న పోషకాల పట్టికలో మధ్య ముక్క ఒక్కటే తీసి పంపుతారు. పై వరుస తెగిపోతుంది, కింద పదార్థాల జాబితా మడతలో ఉండిపోతుంది, ప్లాస్టిక్ మీద ట్యూబులైటు మెరుపు పడి అంకెలు కనిపించవు. అది చూసి ఎవరు మాత్రం ఏం చెప్తారు?

మూడు ఫోటోలు కావాలి. ముందువైపు కింద ఉండే నికర బరువు ఒకటి, పట్టిక పై అంచు నుంచి కింది అంచు దాకా ఒకటి, ఇంగ్రీడియంట్స్ జాబితా ఒకటి. ప్యాకెట్‌ని బల్ల మీద పరిచి, మడత సాపు చేసి, ఫ్లాష్ ఆపేసి తీయండి. ఇండియన్ స్టోర్లో కొన్న జంతికలు, చేగోడీల ప్యాకెట్ల మీద అమెరికా పట్టికను స్టిక్కర్‌గా అంటిస్తుంటారు. అలాంటప్పుడు స్టిక్కర్‌నీ, దాని పక్కనున్న మన దేశం పట్టికనీ రెండిటినీ తీయండి.

ఇప్పుడు అసలు సంగతి, సర్వింగ్ సైజ్, అంటే పట్టికలో అంకెలన్నీ ఎంత తిండికి లెక్కేశారో ఆ కొలత. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవొద్దు. ఒక మాదిరి ప్యాకెట్ తీసుకుందాం. నికర బరువు 170 గ్రాములు. పట్టిక పైన “సుమారు 6 సర్వింగులు” అని, దాని కింద “సర్వింగ్ సైజ్ 2 కుకీలు, 28 గ్రాములు” అని ఉంది. ఆ కింద పెద్ద అక్షరాల్లో 140 కేలరీలు. ఆ 140 ప్యాకెట్ మొత్తానికి కాదు, రెండు కుకీలకే. కింద ఉన్న ప్రతి అంకే, ప్రతి శాతమూ ఆ రెండిటివే. చదువుకుంటూ ఆరు కుకీలు నమిలేశావనుకో, అది మూడు సర్వింగులు. ప్రతిదాన్నీ మూడుతో గుణించాల్సిందే.

ఇంకో అపోహ కూడా వదిలించుకోవాలి. రెండు కుకీలు అని రాశారంటే రెండే తినమని సలహా ఇచ్చినట్టు కాదు. జనం సాధారణంగా ఒకసారి ఎంత తింటారో చూసి ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక్కో రకానికి ఒక ప్రమాణం పెట్టింది. కుకీలకు అది 30 గ్రాములు. కంపెనీ దానికి దగ్గరగా వచ్చే కుకీల లెక్క రాస్తుంది. ప్యాకెట్ ఆ ప్రమాణానికి రెట్టింపు కన్నా తక్కువైతే మొత్తం ఒకే సర్వింగ్‌గా చూపాలి. రెండు నుంచి మూడు రెట్ల మధ్య ఉంటే సర్వింగ్‌కి ఒకటి, ప్యాకెట్‌కి ఒకటి, రెండు వరుసలు వేయాలి. మూడు రెట్లు దాటితే ఆ రెండో వరుస వేయక్కర్లేదు. మన 170 గ్రాముల ప్యాకెట్ దాటిపోయింది కాబట్టి దాని గుణకారం నీదే.

ఫోటో మసకగా ఉంటే అంకె సరిగ్గా చదివామో లేదో పట్టికతోనే సరిచూసుకోవచ్చు. 28 అనేది 23లా కనిపించిందనుకో. ఆరు ఇరవైమూళ్లు 138, నికర బరువు 170కి ఎక్కడా దగ్గర లేదు. ఆరు ఇరవై ఎనిమిదులు 168, సరిపోయింది. కేలరీలకూ ఇలాంటి లెక్కే ఉంది. కొవ్వు గ్రాముకు 9, పిండిపదార్థం గ్రాముకు 4, ప్రోటీన్ గ్రాముకు 4. ఈ ప్యాకెట్‌లో కొవ్వు 7, పిండిపదార్థం 18, ప్రోటీన్ 1 గ్రాము. 63, 72, 4 కలిపితే 139. పైన 140 అంటున్నాడు, బాగానే ఉంది. అంకెల్ని సవరించి రాస్తారు కాబట్టి కొద్ది తేడా ఉంటుంది. పదులకు పదులు తేడా వస్తే మాత్రం ఏదో అంకె తప్పు చదివినట్టే.

కుడివైపు శాతాలు డైలీ వేల్యూవి, అంటే రోజు మొత్తానికి పెట్టిన కొలతలో ఒక సర్వింగ్ ఎంత వంతో చెప్పేవి. రోజుకు 2000 కేలరీల భోజనం అనుకుని కట్టిన లెక్క అది. 5 శాతం, అంతకు తక్కువ ఉంటే కొంచెమే అని, 20 శాతం, అంతకు మించి ఉంటే బాగా ఎక్కువ అని చదవాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పిండిపదార్థం పక్కన 7 శాతం చూసి “చక్కెర ఏడు శాతమేనన్నా” అంటారు. ఏడు శాతం చక్కెరది కాదయ్యా! రెండు వరుసలు కిందికి దిగు. “టోటల్ షుగర్స్ 10 గ్రాములు”, దాని పక్కన శాతమే ఉండదు, ఎందుకంటే మొత్తం చక్కెరకు రోజువారీ హద్దు పెట్టలేదు. దాని కింద కొంచెం లోపలికి జరిపి “ఇన్‌క్లూడ్స్ 9 గ్రాముల యాడెడ్ షుగర్స్, 18 శాతం” అని ఉంటుంది. నువ్వు చూడాల్సింది ఆ 18. కలిపిన చక్కెరకు రోజు హద్దు 50 గ్రాములు, అందులో 9 అంటే 18 శాతం.

ఆ 10నీ 9నీ కూడి 19 అనొద్దు. పదిలోనే ఆ తొమ్మిది ఉంది. మిగిలిన ఒక గ్రాము పాలలోంచో, పండులోంచో సహజంగా వచ్చింది. ఏమీ కలపని పాల డబ్బా చూడు, గ్లాసుకు పన్నెండు గ్రాముల దాకా మొత్తం చక్కెర కనిపిస్తుంది, కలిపింది సున్నా.

ఇప్పుడు నీ ఆరు కుకీలకు వద్దాం. కలిపిన చక్కెర 27 గ్రాములు, 54 శాతం. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున దగ్గర దగ్గర ఏడు చెంచాలు. ఒక ప్యాకెట్టు తింటే ఏటవుద్ది అంటావా? 54 గ్రాములు, 108 శాతం. రోజు కోటా దాటిపోయింది, నువ్వింకా టీ కూడా తాగలేదు.

ఆమదాలవలసలో అమ్మ ఆ ఫోటో చూసి “మనూరి బిస్కట్‌కన్నా ఇందులో పంచదార తక్కువేరా” అంటే నమ్మేయకు. మన దేశం ప్యాకెట్‌లో అంకెలు 100 గ్రాములకు ఉంటాయి, ఇక్కడివి 28 గ్రాములకు. 9ని 100తో గుణించి 28తో భాగిస్తే 32 వస్తుంది. పోల్చాల్సింది ఆ 32తోనే.

ఇక పదార్థాల జాబితా. బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక. చక్కెరను నాలుగు పేర్లుగా విడగొడితే ఒక్కొక్కటీ వెనక్కి జారిపోతుంది. కార్న్ సిరప్, డెక్స్ట్రోజ్, ఇన్వర్ట్ షుగర్, మొలాసెస్, కేన్ జ్యూస్, తేనె అన్నీ ఆ బాపతే. బెల్లం పాకం పట్టిన జీడిపప్పు అచ్చులో బెల్లం కూడా కలిపిన చక్కెర కిందికే వస్తుంది, పలాసదైనా సరే. “నో యాడెడ్ షుగర్” అంటే చక్కెరే లేదని కాదు, విడిగా కలపలేదని. “షుగర్ ఫ్రీ” అంటే సర్వింగ్‌కు అర గ్రాము లోపు. అలాంటివాటిలో తీపి కోసం తరచూ మాల్టిటాల్, సార్బిటాల్ వేస్తారు. అవి పిండిపదార్థం లెక్కలో ఉంటాయి, ఎక్కువ తింటే విరేచనాలు పట్టుకుంటాయి.

నాన్నగారు చూడ్డానికి వచ్చి ఆయనకు షుగరు ఉంటే కలిపిన చక్కెర ఒక్కటే చూసి ఊరుకోకు. మొత్తం పిండిపదార్థం చూడాలి, ఎందుకంటే మైదా కూడా రక్తంలో చక్కెరే అవుతుంది. ఆరు కుకీలకు అది 54 గ్రాములు. ఆయనకు ఎంత వరకు పర్వాలేదో డాక్టర్ని అడిగి ఆ అంకెతో పోల్చు. పట్టికలో శాతం ఆయన కోసం రాసింది కాదు.

సరే, ఇంత చెప్పానని ప్యాకెట్ ముట్టడం మానేయక్కర్లేదు. షుగరు లేనివాడు టీతో రెండు కుకీలు తింటే 18 శాతమే, దానికి ఫోటో పంపక్కర్లేదు. ఉప్పు వేరుశనగ ప్యాకెట్‌కైతే చక్కెర వరుస వదిలేసి సోడియం వరుస చూడు, దాని రోజు హద్దు 2300 మిల్లీగ్రాములు.