వాషింగ్ మెషీన్‌లోకి చన్నీళ్లే వస్తున్నాయా?

ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో 60 డిగ్రీలు పెట్టినా పైపులోంచి చన్నీళ్లే వస్తాయి. కంగారు పడకండి. వెనక ఒకే ఇన్‌లెట్ ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాకే హీటర్ వేడి చేస్తుంది. గీజర్ పైపు దానికి తగిలిస్తే జాడించేటప్పుడు కూడా వేడినీళ్లే వస్తాయి. రెండు ఇన్‌లెట్లుంటే మాత్రం వేడినీళ్ల కుళాయి తెరిచి ఉందో లేదో, పైపు మెషీన్‌కి బిగించే చోట ఉండే జల్లెడ పూడిందో చూడండి.

అరగంట తర్వాత తలుపు అద్దం తాకి చూడండి. చల్లగానే ఉంటే హీటర్ సంగతి చూడాలి. మాది అలాగే అయింది. ప్లగ్ పీకి, వెనక మూత తీసి, హీటర్ వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టాం. 2000 వాట్ల హీటర్‌కి సుమారు 26 ఓమ్‌లు చూపించాలి, మాకు అసలు రీడింగే రాలేదు. లోపల కాయిల్ తెగిపోయింది. బయటికి లాగితే బోరు నీళ్ల సున్నం పెచ్చులు పెచ్చులుగా ఉంది! ఓమ్‌లు సరిగ్గానే వస్తే మాత్రం టెంపరేచర్ సెన్సర్‌నో, బోర్డు మీది రిలేనో అనుమానించాలి, అది మెకానిక్ పని. హీటర్ పిన్నుకీ బాడీకీ మధ్య రీడింగ్ వస్తే షాక్ కొట్టే ప్రమాదం ఉంది, మళ్లీ ప్లగ్ పెట్టొద్దు.