సదస్సు నుంచి లైవ్ పోస్టులు పెట్టేముందు జాగ్రత్తలు

భీమవరంలో రొయ్యల సాగు సదస్సుకు వెళ్తున్నారనుకుందాం. ముందురోజే కార్యక్రమ పత్రం చూసి, ఒక్కో ప్రసంగానికి రైతు అడిగే ప్రశ్న ఒకటి రాసిపెట్టుకోండి. అది లేకపోతే చెయ్యి స్లైడ్‌లో ఉన్నదాన్నే పోస్టులోకి ఎక్కించేస్తుంది.

స్లైడ్‌లో "అమ్మోనియా పెరిగితే ప్రమాదం" అని ఉంటుంది. దాన్నే పోస్టు చేస్తే చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఇలా రాయండి: "టెస్ట్ కిట్ చూపేది సాధారణంగా మొత్తం అమ్మోనియా. అందులో విషపు వాటా పీహెచ్‌ను బట్టి మారుతుంది. పీహెచ్ 8 నుంచి 9కి చేరితే అయిదారు రెట్లవుతుంది. అందుకే పీహెచ్ ఎక్కువగా ఉండే మధ్యాహ్నం పూట కూడా కొలవండి." ఇందులో వక్త చెప్పిందేదో, మీరు జోడించిందేదో విడిగా తెలియాలి. "వక్త:", "నా మాట:" అని పెడితే చాలు. లేదంటే మీ పొరపాటు ఆయన నెత్తిన పడుతుంది.

ఎక్స్‌లో 280 అక్షరాల పరిమితికి గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి. "రొయ్య"కే ఐదు పోతాయి. కాబట్టి పోస్టుకు ఒక్క విషయమే. హ్యాష్‌ట్యాగ్ ముందే కాపీ చేసుకోండి.

మందుల మోతాదులు మాత్రం వినగానే పెట్టొద్దు. పీపీఎం అన్నారా, ఎకరాకు కిలోలన్నారా అని ప్రశ్నల సమయంలో అడిగి తేల్చుకోండి. ఇంకా ప్రచురించని ఫలితాల స్లైడ్ ఫొటో పెట్టాలంటే వక్త అనుమతి తీసుకోవాల్సిందే.