పాఠం బాగున్నా చూసేవారు లేరా? లోపం శీర్షికలో ఉందో, మొదటి అర నిమిషంలో ఉందో తెలుసుకునే విధానం

వీడియోకు వీక్షణలు రానప్పుడు చాలామంది ట్యూటర్లు ముందుగా పాఠాన్నే అనుమానించి మళ్ళీ చిత్రీకరిస్తారు. అంతకంటే ముందు యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో Analytics తెరిచి రెండు చోట్ల చూడాలి. Reach విభాగంలోని Impressions click-through rate, థంబ్‌నెయిల్ కనిపించిన సార్లలో, అంటే ఇంప్రెషన్లలో, ఎంత శాతం సార్లు నొక్కారో చెబుతుంది. Audience retention గ్రాఫు, నొక్కినవారు ఎక్కడ వెళ్ళిపోయారో చూపిస్తుంది. ఈ రెండింటిలో ఏది పడిపోయిందో తేలకుండా చేసే మరమ్మతు గుడ్డిదే అవుతుంది.

ఉదాహరణకు వర్గ సమీకరణాల పాఠం ఒకటి తీసుకుందాం. ట్యూటర్ 2x² + 7x + 3 = 0 ను కారణాంకాలుగా విడగొట్టడం నేర్పుతున్నారు. శీర్షిక "గణితం - అధ్యాయం 5 - వర్గ సమీకరణాలు - భాగం 3". థంబ్‌నెయిల్‌లో ట్యూటర్ ఫోటో, కింద అదే శీర్షిక చిన్న అక్షరాల్లో ఉంది.

లక్షణం: థంబ్‌నెయిల్ చాలామందికి కనిపిస్తోంది, నొక్కేవారు లేరు

యూట్యూబ్ చెప్పిన ప్రకారం సగం ఛానళ్ళకు, వీడియోలకు click-through rate 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. అయితే వీడియో కొత్తవారికి విస్తరించే కొద్దీ ఈ శాతం సహజంగానే తగ్గుతుంది. అందువల్ల మొత్తం అంకెను కాకుండా, అన్వేషణ ద్వారా వచ్చినవారిది, హోమ్ పేజీ నుంచి వచ్చినవారిది విడివిడిగా చూడాలి.

కారణం: "భాగం 3" అన్నది ట్యూటర్ తన పాఠాలను వరుసగా పేర్చుకోవడానికి పెట్టుకున్న గుర్తు. రాత్రి లెక్క దగ్గర ఆగిపోయిన విద్యార్థి దాన్ని వెతకడు. అతని చిక్కు వేరే ఉంది: మధ్య పదమైన 7x ను ఏ రెండు ముక్కలుగా చేయాలో అతనికి తెలియడం లేదు. సాధారణంగా అతను గుణిస్తే 3, కూడితే 7 వచ్చే సంఖ్యల కోసం వెతికి, దొరకక వదిలేస్తాడు. మొదటి పదంలోని 2 ను లెక్కలోకి తీసుకోలేదన్నదే అసలు తప్పు.

పరిష్కారం: ఆ తప్పునే ముందుకు తీసుకురావాలి. శీర్షిక "వర్గ సమీకరణం: మధ్య పదాన్ని ఎలా విడగొట్టాలి? (x² ముందు 2 ఉన్నప్పుడు)" అని ఉంటే వెతికే మాటలూ ఉంటాయి, చిక్కూ కనిపిస్తుంది. శీర్షికకు 100 అక్షరాల వరకు అవకాశం ఉన్నా, ఫోన్‌లో చివరి భాగం కత్తిరించబడుతుంది కాబట్టి అధ్యాయం సంఖ్య పెట్టాలనుకుంటే చివరనే పెట్టాలి. థంబ్‌నెయిల్‌లో శీర్షికను మళ్ళీ రాయకూడదు. సమీకరణం మాత్రం పెద్దగా రాసి, 7x చుట్టూ ఎర్రని వలయం గీసి, కింద "? + ?" అని ఉంచితే చాలు. కుడివైపు కింది మూలలో వీడియో నిడివి వచ్చి కూర్చుంటుంది కనుక అక్కడ ఏ అంకె కూడా ఉండకూడదు. తయారయ్యాక దాన్ని బొటనవేలి గోరంత చేసి చూడాలి, x పైనున్న 2 చదవడానికి రాకపోతే అక్షరాలు ఇంకా పెంచాలి.

లక్షణం: నొక్కుతున్నారు, కానీ 30 సెకన్లలోపే గ్రాఫు జారిపోతోంది

మొదట్లో కొంత తగ్గుదల ప్రతి వీడియోకూ ఉంటుంది. చూడాల్సింది, ఆ జారుడు ఏ మాట దగ్గర మొదలైందన్నది. మన ఉదాహరణలో 8 సెకన్లు లోగో, ఆ తర్వాత నమస్కారం, సబ్‌స్క్రైబ్ చేయమన్న విన్నపం, గత పాఠం పునశ్చరణ ఉన్నాయి, సమీకరణం 52వ సెకనులో గాని బోర్డు మీదికి రాలేదు. థంబ్‌నెయిల్‌లో వలయం చుట్టిన 7x ను చూసి వచ్చిన విద్యార్థికి అది కనిపించక, వేరే వీడియోకు వచ్చానేమో అనిపిస్తుంది.

పరిష్కారం: మొదటి ఫ్రేములోనే అదే సమీకరణం, అదే వలయంతో బోర్డు మీద ఉండాలి. మొదటి మాటలు ఇలా ఉండవచ్చు: "ఇక్కడ గుణిస్తే 3 రావాలని వెతికితే సంఖ్యలు దొరకవు. మొదటి 2 ను, చివరి 3 ను గుణించండి, 6 వస్తుంది. గుణిస్తే 6, కూడితే 7 వచ్చేవి 6, 1. ఇది ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు చూద్దాం." జవాబు ముందే చెబితే వెళ్ళిపోతారని కొందరు భయపడతారు. నా అభిప్రాయంలో పాఠానికి ఆ భయం అక్కర్లేదు, ఎందుకంటే విద్యార్థికి 6, 1 తెలిసినంత మాత్రాన (2x + 1)(x + 3) వరకు వెళ్ళడం రాదు.

పాత వీడియోను తొలగించి మళ్ళీ ఎక్కించనవసరం లేదు. స్టూడియోలోని Editor లో Trim & cut తో మొదటి 52 సెకన్లను కోసివేస్తే లింకు, వీక్షణలు, వ్యాఖ్యలు అలాగే ఉంటాయి. లక్ష వీక్షణలు దాటిన వీడియోల విషయంలో మాత్రం ఈ సౌకర్యం అందరికీ ఉండదు.

లక్షణం: ఆరంభం బాగుంది, మధ్యలో ఒక్కసారిగా పడిపోతోంది

పడిపోయిన చోట లెక్క పూర్తయి ఉంటే అది లోపం కాదు, విద్యార్థి తనకు కావలసింది తీసుకుని వెళ్ళాడు. గ్రాఫు ఎక్కడైనా పైకి లేస్తే అక్కడ వెనక్కి తిప్పి చూస్తున్నారని అర్థం. మన పాఠంలో 2x² + 6x + x + 3 నుంచి ఉమ్మడి కారణాంకం తీసే మెట్టు దగ్గర అలా లేస్తే, ఆ మెట్టు వేగంగా చెప్పారన్నమాట, తర్వాతి చిన్న పాఠానికి శీర్షిక కూడా అక్కడే దొరుకుతుంది.

శీర్షికను, థంబ్‌నెయిల్‌ను ఒకే రోజు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ముందు థంబ్‌నెయిల్ మార్చి, మార్పుకు ముందు వచ్చినన్ని ఇంప్రెషన్లు మళ్ళీ వచ్చేదాకా ఆగి, అన్వేషణ నుంచి వచ్చిన శాతాన్ని పాత శాతంతో పోల్చి, ఆ తర్వాతే శీర్షిక జోలికి వెళ్ళాలి.