ప్రొఫైల్ ప్రైవసీ, 4వ పాఠం: లొకేషన్ ఆపేశారు సరే, కిటికీ సంగతేంటి?

పోయిన పాఠంలో ఫొటో ఫైల్లో దాక్కుని ఉండే జీపీఎస్ అంకెలు ఎలా తీసేయాలో చెప్పా. చాలామంది చేశారు, చేసేసి ఇక భయం లేదనుకుని బాల్కనీలో దిగిన ఫొటో తీసుకెళ్లి ప్రొఫైల్‌కి పెట్టేశారు. అందుకే ఇవాళ చెప్దామనుకున్న పాస్‌వర్డ్‌ల సంగతి పక్కన పెట్టి ఈ ఒక్కటే చూద్దాం. కంపెనీ పేరు, ఊరు, పుట్టినరోజు ఎక్కడ తీసేయాలో మళ్లీ చెప్పను, అవి సెట్టింగ్స్‌లో మీకే కనబడతాయి.

"లొకేషన్ ఆఫ్ చేశాను కదండీ" అని అందరూ అడుగుతున్నారు. లొకేషన్ ఆపితే ఇకమీదట తీసే ఫొటోల ఫైల్లో ఆ అంకెలు చేరవు, అంతే. ఫొటోలో కంటికి కనబడేది ఎక్కడికీ పోదు. ఈ రెండూ వేరు వేరు.

ఒకామె తన మూడు ఫొటోలు పంపి, పేరు చెప్పకుండా వాడుకోమంది. ప్రొఫైల్లో ఊరి పేరు తప్ప ఇంకేం లేదు. మొదటి ఫొటో బాల్కనీలో దిగింది, ఆమె భుజం వెనక గుండ్రటి వాటర్ ట్యాంక్, సరిగ్గా దాని వెనకే సెల్ టవర్. మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెడితే గుండ్రటి ట్యాంకులు పైనుంచి చక్కగా వలయాల్లా కనబడతాయి, ఊరు మొత్తం వెతికినా అలాంటివి కొన్నే ఉంటాయి, వాటిలో టవర్‌కి దగ్గరగా ఉన్నది ఒక్కటే. టవర్ నుంచి ట్యాంక్ మీదుగా గీత గీసి ముందుకి పొడిగిస్తే ఆమె ఇల్లు ఆ గీత మీదే ఎక్కడో ఉండాలి, ఎందుకంటే ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి కనబడేది ఆ గీత మీద నిలబడినవాళ్లకే. రెండో ఫొటో అదే బాల్కనీ, ఇంకో వైపు, అందులో ఆకుపచ్చ రేకుల షెడ్డు, దాని వెనక ఒక గోపురం. ఇంకో గీత. రెండు గీతలు కలిసిన చోట మూడే బిల్డింగులు ఉన్నాయి. "గుడ్ మార్నింగ్" అని రాసిన మూడో ఫొటోలో ఎండ నేరుగా మొహం మీద పడుతోంది, అంటే బాల్కనీ తూర్పు వైపు, దాంతో ఆ మూడింట్లో రెండు బిల్డింగులు కావని తేలిపోయింది. ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల ఇంటి పైకప్పు దూరంగా నేల, ఆకాశం కలిసే గీతకి సరిగ్గా సమానంగా ఉంది, అంటే కెమెరా కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉన్నట్టు. అలా ఫ్లోర్ కూడా దొరికింది. నాకు పట్టింది 40 నిమిషాలు.

ఇదేదో నేను ఊహించి చెప్తున్నది కాదు. 2019లో జపాన్‌లో ఒక పాప్ గాయని మీద దాడి చేసి అరెస్టైనవాడు, ఆమె సెల్ఫీలో కళ్లలో కనబడిన రైల్వే స్టేషన్ ప్రతిబింబాన్ని స్ట్రీట్ వ్యూతో పోల్చి చూసి స్టేషన్ పట్టుకున్నానని చెప్పాడు. ఆమె వీడియోల్లో కర్టెన్లు, వెలుతురు వచ్చే వైపు చూసి ఫ్లాట్ ఎక్కడుంటుందో కూడా లెక్కేశాడట.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేస్తే సరిపోదా అంటే, సరిపోదు. మామూలు పోర్ట్రెయిట్ బ్లర్‌లో అక్షరాలు పోతాయి గానీ ఆకారం, రంగు, ఏది ఎక్కడుందో అన్నీ మిగులుతాయి, పైన నేను వాడింది అవే. నేనైతే ఖాళీ గోడ ముందే ఫొటో దిగుతా, కిటికీ ఫ్రేమ్‌లోకి వస్తే కత్తిరించేస్తా.

ఆఫీస్ విషయంలో కూడా ఇదే. కంపెనీ పేరు తీసేసి మెడలో ఐడీ కార్డు తాడుతో సెల్ఫీ పెడితే, అది ఏ కంపెనీనో పోల్చుకోవడానికి కొన్నిసార్లు ఆ తాడు రంగు చాలు. లిఫ్ట్ అద్దంలో దిగిన సెల్ఫీలో అక్షరాలు తిరగబడి ఉన్నా ఫొటోని తిప్పితే చదివేయొచ్చు.

ఇంకోటి, కొత్త ప్రొఫైల్ ఫొటో పెట్టినంత మాత్రాన పాతది పోదు. ఫేస్‌బుక్‌లో పాత ప్రొఫైల్ ఫొటోలన్నీ ఒక ఆల్బమ్‌లో ఉండిపోతాయి. ఒక్కొక్కటీ తెరిచి డిలీట్ చేయండి, లేదా ఎవరికి కనబడాలో మార్చండి.

అభ్యాసం: మీ ప్రొఫైల్లో బయటివాళ్లకి కనబడే ఫొటోల్లో 20 తీసుకోండి. ప్రతి ఫొటోకీ మిమ్మల్ని వదిలేసి వెనక కదలని వస్తువులు మాత్రమే కాగితం మీద రాయండి, టవర్, గేటు, గ్రిల్ డిజైన్, నేల టైల్స్, ఏదైనా. ఆ తర్వాత మీ ఇల్లు ఎప్పుడూ చూడని నమ్మకమైన ఫ్రెండ్‌కి ఆ కాగితం, ఫొటోలు ఇచ్చి గంట టైమ్‌లో మ్యాప్‌లో వెతకమనండి. మీరు చేస్తే కుదరదు, మీకు ఇల్లు ముందే తెలుసు. వాళ్లు వీధి దాకా వచ్చారంటే, ఏ రెండు ఫొటోలు వాడారో అడిగి ఆ రెండూ ఆ రోజే తీసేయండి.