ముద్దాయి వివరణను కోర్టుకు రాతపూర్వకంగా ఇచ్చే విధానం: దానికి ప్రమాణం ఎందుకు ఉండదు

ప్రాసిక్యూషన్ సాక్షుల విచారణ ముగిసిన తర్వాత, డిఫెన్స్ సాక్ష్యం మొదలయ్యే ముందు, తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి అంశాన్నీ వివరించుకునే అవకాశాన్ని కోర్టు ముద్దాయికి స్వయంగా ఇవ్వాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023లో ఇది 351వ సెక్షన్. 2024 జులై 1కి ముందే మొదలై పెండింగులో ఉన్న విచారణలు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారమే సాగుతున్నాయి, అందులో ఇది 313వ సెక్షన్ కాబట్టి, కోర్టు ఆవరణలో అందరూ ఇప్పటికీ దీన్ని ‘313 ఎగ్జామినేషన్’ అనే అంటారు.

ఈ దశలో ముద్దాయితో ప్రమాణం చేయించకూడదని చట్టం స్పష్టంగా నిషేధించింది. ప్రమాణం చేసిన వ్యక్తి సాక్షి అవుతాడు. సాక్షి సమాధానం చెప్పి తీరాలి, అబద్ధమాడితే శిక్షకు గురవుతాడు, ఎదుటి పక్షం క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషిని ఈ స్థితిలోకి నెడితే, తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణానికి అర్థం ఉండదు. అందుకే ఇక్కడ మౌనంగా ఉన్నా, తప్పు సమాధానం చెప్పినా శిక్ష లేదు. అయితే ఈ రక్షణకు తగ్గట్టే పరిమితి కూడా ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్ లేని మాట కనుక దీన్ని పూర్తి సాక్ష్యంగా లెక్కించరు. కోర్టు పరిశీలనలోకి తీసుకోవచ్చు కానీ, దీని ఒక్కదాని ఆధారంగా శిక్ష వేయకూడదు.

ఆచరణలో ఈ ఘట్టం చాలాసార్లు పది నిమిషాల్లో అయిపోతుంది. “ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి పీడబ్ల్యూ1 చెప్పినదానికి మీరేమంటారు?” “అబద్ధం.” “మీ తరఫున సాక్షులున్నారా?” “లేరు.” ముద్దాయికి నిజంగా చెప్పుకోవలసిన విషయం ఉన్నప్పుడు ఈ ఒక్క మాట చాలదు. ఉదాహరణకు, దొంగతనానికి గురైన బైకు వారం తిరక్కుండానే ఒకతని ఇంటి ముందు దొరికిందని, మధ్యవర్తుల నివేదిక రాసి స్వాధీనం చేసుకున్నామని ప్రాసిక్యూషన్ చెప్పిందనుకుందాం. చోరీ సొత్తు అంత త్వరగా ఎవరి దగ్గర దొరికితే, అది తన దగ్గరకు ఎలా వచ్చిందో అతడు చెప్పలేకపోయినప్పుడు అతడే దొంగ అనో, దొంగసొత్తని తెలిసే తీసుకున్నాడనో కోర్టు భావించవచ్చు. అతడు పాతబండ్ల వ్యాపారి దగ్గర రసీదు తీసుకుని కొన్నవాడైతే, ఆ సంగతి రికార్డులోకి రావలసిన చోటు ఇదే.

అలాంటప్పుడు రాతపూర్వక వాంగ్మూలం దాఖలు చేసేందుకు 351(5) కింద అనుమతి కోరవచ్చు. దీనికి చట్టం ప్రత్యేక ఫారం నిర్దేశించలేదు. కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్ పైన రాసి, కోర్టు అడిగిన ప్రశ్న వారీగా సమాధానం ఇచ్చి, చివర అదనంగా చెప్పదలచినది చేర్చి, ముద్దాయే సంతకం చేయాలి. న్యాయవాది దాన్ని మెమోతో దాఖలు చేస్తారు. అలవాటు కొద్దీ కొందరు దీన్ని అఫిడవిట్‌లా తయారుచేసి ‘సత్యప్రమాణంగా’ అన్న వాక్యం చేర్చి నోటరీ చేయిస్తారు. అది ఇక్కడ అనవసరం, సెక్షన్ ఉద్దేశానికి విరుద్ధం కూడా. రసీదును వాంగ్మూలానికి జతచేసినంత మాత్రాన అది రుజువైపోదు. అమ్మిన వ్యాపారిని డిఫెన్స్ సాక్షిగా పిలిపించమని తర్వాతి దశలో విడిగా కోరాలి.

ముద్దాయి తానే ప్రమాణం చేసి చెప్పదలచుకుంటే దారి వేరు. 353వ సెక్షన్ కింద తనను సాక్షిగా విచారించమని అతడు లిఖితపూర్వకంగా కోరాలి. కోర్టు తనంతట తాను అతణ్ని బోనెక్కించకూడదు. కోరకపోతే ఆ సంగతిపై ప్రాసిక్యూషన్ గానీ కోర్టు గానీ వ్యాఖ్యానించకూడదు. కోరితే మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్ తప్పదు.

గల్ఫ్‌లో పనిచేస్తూ ఈ ఒక్క వాయిదా కోసం రాలేని మన తెలుగువారికి పనికొచ్చే తీర్పు ఒకటుంది. అసాధారణ ఇబ్బంది ఉన్నప్పుడు ప్రశ్నావళిని పంపించి సమాధానాలు తెప్పించుకోవచ్చని బసవరాజ్ ఆర్. పాటిల్ కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు రాలేని కారణాన్ని, ఇలా చేయడం వల్ల తనకు నష్టం లేదన్న హామీని, తర్వాత దీనిపై అభ్యంతరం లేవనెత్తబోనన్న మాటను రాస్తూ ముద్దాయి స్వయంగా అఫిడవిట్ ఇవ్వాలి. గమనించవలసినదేమిటంటే, ఈ అఫిడవిట్‌కు ప్రమాణం ఉంటుంది, ప్రశ్నలకిచ్చే సమాధానాలకు ఉండదు. రెండింటినీ ఒకే కాగితంలో కలపకూడదు.

ఇక కోర్టు వైపు లోపం కూడా జరగవచ్చు. అనేక అంశాలను కలిపి ఒకే పొడవాటి ప్రశ్నగా అడగడం, ముఖ్యమైన అంశాన్ని అసలు అడగకుండా వదిలేయడం తరచుగా కనిపించేవి. అడగని అంశాన్ని ముద్దాయికి వ్యతిరేకంగా వాడుకోరాదని 1984లో శరద్ బిర్ధిచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ లోపం ఉన్నంత మాత్రాన కేసు కొట్టేయరు; తనకు నష్టం జరిగిందని ముద్దాయి చూపించాలి, అప్పుడు కూడా పై కోర్టు కేసును ఈ దశకే తిప్పి పంపవచ్చు. అందుకే సంతకానికి ముందు ప్రశ్నలూ సమాధానాలూ తనకు తెలిసిన భాషలో చదివించుకుని, మాట తప్పుగా నమోదైతే అక్కడికక్కడే సరిచేయమని కోరాలి.